మా గుమ్మం మీద తాత గీతలు

పోస్టు కొంచెం పెద్దది. తీరిక దొరికినప్పుడు చదవండి.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు వైపు కొండ మీది ఊరు. కొండదొరలం. నాన్నకు ముగ్గురం, చిన్నాన్నకు ఇద్దరు. ఐదుగురం ఒకే ఇంట్లో, ఒకే గుమ్మంలోంచి తిరుగుతూ పెరిగాం. మాలో ఒకరు ఇప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ ఇది టైపు చేస్తున్నారు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి కాబట్టి రాసే పని వాళ్ళ మీద పడింది. కానీ చూసిందీ కొలిచిందీ ఐదుగురం కలిసి. అందుకే ‘మేము’ అని రాస్తున్నాం.

మా తాత చదువుకోలేదు. అంకెలు మాత్రం వచ్చు. వయసులో ఉన్నప్పుడు కూపులో మేస్త్రీగా చేశాడు. దుంగ పొడవు ఎంత, చుట్టుకొలత ఎంత, ఏ ముఠా నరికింది అనేది గుర్తులు వేసి అప్పజెప్పడం ఆయన పని. వడ్రంగులు వాడే బల్లపరుపు పెన్సిలు ఎప్పుడూ చెవి మీద ఉండేది. ఆ పెన్సిల్‌తోనే ప్రతి ఏడూ ఇంట్లో పిల్లల ఎత్తు గుమ్మం కర్ర మీద గీసేవాడు. ముందు తన తమ్ముడిది, తర్వాత తన పిల్లలవి, ఆ తర్వాత మావి. మొత్తం మూడు తరాలు. కుడి కర్ర మీద పెద్దవాళ్ళు, ఎడమ కర్ర మీద మేము.

గీసే రోజు ఒకటే. చైత్రంలో ఇటుకల పండుగ మొదలయ్యే రోజు పొద్దున. మగవాళ్ళు వేటకి బయల్దేరక ముందే మమ్మల్ని లేపి వరసగా నిలబెట్టేవాడు. చెప్పులు ఉండకూడదు. ఆడపిల్లలు కొప్పు విప్పాలి. మడమలు, పిర్రలు, వీపు, తల వెనక భాగం కర్రకి ఆనాలి. గడ్డం పైకెత్తకూడదు, చూపు ఎదురుగా ఉన్న దూలం మీద ఉండాలి. అప్పుడు నాన్న చదువుకున్న పాత రాతిపలక తెచ్చి, దాని ఒక అంచు కర్రకి ఆనించి, కింది అంచు నెత్తికి తగిలేదాకా జార్చేవాడు. పలక మూల దాదాపు మూలమట్టంలాగే ఉంటుంది కాబట్టి గీత వంకర పోదు. చేత్తోనో దువ్వెనతోనో కొలిస్తే ముందుకో వెనక్కో వాలిపోయి రెండు వేళ్ళ తేడా వస్తుంది. ఆయనకి ఆ తేడా వస్తే ఒప్పదు.

సాయంత్రం కొలవమంటే కొలిచేవాడు కాదు. “పొద్దు గూకేసరికి మనిషి దిగిపోతాడురా గుంటా” అనేవాడు. అది ఆయన చాదస్తం కాదు. వెన్నుపూసల మధ్య మెత్తటి పొరలు పగలంతా బరువుకి నొక్కుకుపోయి, రాత్రి పడుకున్నప్పుడు మళ్ళీ ఉబ్బుతాయి. పొద్దుటికీ సాయంత్రానికీ ఒక సెంటీమీటరు వరకూ తేడా ఉంటుంది. ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరిగే పిల్లలకి ఆ ఒక్క సెంటీమీటరు చిన్నది కాదు.

నిలకడగా నిలబడలేని పిల్లని గీసేవాడు కాదు. నడక వచ్చాక కూడా ఇంకో పండుగ ఆగేవాడు. అంగన్‌వాడీలో కూడా రెండేళ్ళలోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలుస్తారు. అదే పిల్లని నిలబెడితే ముప్పావు సెంటీమీటరు దాకా తగ్గుతుంది. తాతకి ఆ లెక్క తెలియదు. కాళ్ళు వంచే గుంటని గీస్తే గీత అబద్ధమాడుతుందని మాత్రం తెలుసు.

గీతల పక్కన పేర్లు లేవు, తేదీలు లేవు. కూపులో ముఠాకొక గుర్తు ఉన్నట్టు మనిషికొక గుర్తు. తాత తమ్ముడికి ఉత్త అడ్డగీత. నాన్నకి బాణం. మేనత్తకి చేప. చిన్నాన్నకి చంద్రవంక. ఒక్కో గీత ఒక్కో ఇటుకల పండుగ. ఇంట్లో మైల వచ్చి పండుగ చేయని ఏడాది గీత లేదు. దాని బదులు ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్క సంగతి తెలియకపోతే లెక్క తప్పుతుంది. చుక్క ఉన్నచోట రెండు గీతల మధ్య ఎడం దాదాపు రెట్టింపు ఉంటుంది. పిల్లవాడు ఒక్కసారిగా సాగినట్టు కనిపిస్తాడు గానీ అది రెండేళ్ళ పెరుగుదల. ఇంకో సంగతి, పండుగ నుంచి పండుగకి సరిగ్గా ఏడాది కాదు. మామూలుగా 354 రోజులు, అధికమాసం వస్తే 384 రోజులు. ఆ నెల రోజుల్లో పిల్లలు అర సెంటీమీటరు పెరుగుతారు. అంతకంటే చిన్న తేడా గురించి ఈ గీతల్ని అడగకూడదు.

గీతలు ఎక్కడ ఆగుతాయో కూడా గుమ్మమే చెబుతుంది. మా పక్క పాత ఇళ్ళ గుమ్మాలు ఎత్తు తక్కువ కదా, పెద్దవాళ్ళు వంగి రావాలి. తల పై కమ్మీకి తగిలితే తాత లెక్క ముగించేవాడు. పైన ఒక అడ్డుకట్టు గీసి “నీ లెక్క అయిపోనాది, పనిలోకి రా” అనేవాడు. నాన్న, చిన్నాన్న, తాత తమ్ముడు ముగ్గురికీ ఆ అడ్డుకట్టు పైనే ఉంది. అత్త చేపకి మాత్రం చాలా కిందనే ఉంది. పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేసి పంపేశారు. ఆ పొద్దున గీసిన గీతే ఆఖరు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు కొలవాల్సి వచ్చిందో చెప్తాం. పాత ఇల్లు విప్పి స్లాబు ఇల్లు వేయాలనుకున్నారు. తాత పోయి నాలుగేళ్ళు అవుతోంది. మొన్న వేసవిలో వడ్రంగి వచ్చి గుమ్మం తట్టి చూశాడు. వేగిస కర్ర, యాభై ఏళ్ళు దాటినా ఇనుములా ఉంది. “పైన పొగ మసి పట్టింది, అంతే. చిత్రిక పడితే కొత్తది అయిపోద్ది, కొత్త ఇంటికి ఇదే పెట్టుకోండి, పాతిక వేలు మిగుల్తాయి” అన్నాడు. చిన్నాన్నకి అది నచ్చింది. డబ్బు మాట నిజమే. కానీ చిత్రిక ఒక్కసారి లాగితే పోయేది కాగితమంత పొర. పెన్సిలు గీత ఉన్నది ఆ పొర మీదే.

మేము అడ్డుపడ్డాం. “మసి పట్టిపోయిన గీతలు ఎవడు చదువుతాడురా” అన్నాడు చిన్నాన్న. అది న్యాయమైన మాట. చదవగలిగితేనే ఉంచమని అడగడానికి మాకు నోరు ఉంటుంది. అందుకని వేసవి సెలవులు అయ్యేలోగా చదవాలని కూర్చున్నాం.

ముందు కనిపించాలి కదా. కుడి కర్ర పొయ్యి వైపుది, నల్లగా ఉంది. తడిబట్టతో తుడుద్దామంటే నానమ్మ ఆపింది. అది మంచిదైంది, తడి తగిలితే మసితో పాటు పెన్సిలు పొడి కూడా వచ్చేస్తుంది. రాత్రి కరెంటు తీసేసి ఫోను టార్చి కర్రకి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకున్నాం. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించదు. పక్క నుంచి వేస్తే మసి మీద వెలుతురు చచ్చిపోతుంది, పెన్సిలు గీత మాత్రం సీసంలా మెరుస్తుంది. ముక్కు నొక్కిన చోట సన్నటి గాడి కూడా కనిపిస్తుంది. పెన్సిలు ముల్లు ఉత్త బొగ్గు జాతి కాబట్టి ఎండకి వెలిసిపోదు. చిన్నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక ఏడాది తాత చేతిలోంచి లాక్కుని నీలం పెన్నుతో గీసుకున్నాడట. ఆ గీత రంగు ఎక్కడా లేదు, గాడి ఒక్కటే మిగిలింది.

కొలతకి మొదలు ఎక్కడ పెట్టాలి? నేల నుంచి అంటారు ఎవరైనా. మా ఇంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది. నాన్నవాళ్ళు నిలబడింది పేడతో అలికిన మట్టినేల మీద. 2009లో నాన్న కంకర పోసి సిమెంటు నేల వేయించాడు. మేము నిలబడింది దాని మీద. నేల పైకి లేచింది గానీ గుమ్మం లేవలేదు. అంటే ఎడమ కర్ర మీద మా గీతలన్నీ, నేల లేచినంత మేర ఉన్నదానికంటే పైన పడ్డాయి. రెండు కర్రలూ పక్కపక్కన చూస్తే పదేళ్ళ నాన్న మాలో పెద్దోడి భుజం దగ్గర ఉంటాడు. ఒక్క తరంలో అంత పెరగరు ఎవరూ.

కదలనిది గడప. కర్రలు రెండూ దానిలోనే బిగించి ఉన్నాయి. అందుకని గడప పై అంచుని సున్నాగా పెట్టుకున్నాం. కర్ర ఆకు వెడల్పులో వానాకాలం ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది గానీ పొడుగులో దాదాపు మారదు. కాబట్టి నిలువునా గీతల మధ్య దూరం యాభై ఏళ్ళ కిందట ఎంతో ఇప్పుడూ అంతే. టేపు పెట్టి ఒక్కో గీత, ఒక్కో గుర్తు నోటుబుక్కులో రాసుకున్నాం.

ఇక నేల ఎంత లేచిందో తెలియాలి. దానికి జవాబు కూడా తాత గీసే పెట్టాడు. మాలో పెద్దోడి గుర్తు గుణకారం గుర్తు. ఎనిమిదేళ్ళప్పుడు వాడికి గీతలు రెండు ఉన్నాయి. రెండూ కలుపుతూ పక్కన ఒక నిలువు గీత ఉంది. మిగతా ఎవరికీ అలా లేదు. అది సిమెంటు వేసిన ఏడాది. పండుగ నాడు మట్టినేల మీద ఒకసారి గీశాడు. నేల ఆరాక, అదే నెలలో, అదే పిల్లవాణ్ణి మళ్ళీ నిలబెట్టి గీశాడు. పది రోజుల్లో పిల్లవాడు పెరగలేదు, నేల పెరిగింది. రెండు గీతల మధ్య దూరం 10 సెంటీమీటర్లు. పాత నేలకీ కొత్త నేలకీ అదే తేడా. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎప్పటికైనా రెండు కర్రలూ కలిపి చదివేవాడు వస్తాడని అనుకున్నాడో ఏమో.

అప్పుడు లెక్క సులువైంది. పదేళ్ళ నాన్న గీత గడప అంచు నుంచి 105. పదేళ్ళ పెద్దోడి గీత 121. చూపుకి తేడా 16. అందులోంచి నేల తాలూకు 10 తీసేస్తే 6. నేల నుంచి చెప్పాలంటే, పదేళ్ళకి నాన్న 122 సెంటీమీటర్లు, పెద్దోడు 128. ఆ ఆరులో కూడా కొంచెం అనుమానం ఉంచుకోవాలి. మట్టినేల ఒక చోట నిలవదు. నానమ్మ అలికిన కొద్దీ పొర పెరుగుతుంది, గుమ్మం దగ్గర తొక్కిన కొద్దీ గుంట పడుతుంది. అంగుళం అటో ఇటో ఉండొచ్చు. కాబట్టి ‘పదేళ్ళప్పుడు మేము నాన్న కంటే పొడుగే, కానీ చూపుకి కనిపించినంత కాదు’ అన్నంత వరకే నమ్మకంగా చెప్పగలం.

ఎత్తు కంటే ఎడం ఎక్కువ మాట్లాడుతుందని చదివే కొద్దీ తెలిసింది. నాలుగైదేళ్ళు దాటాక పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు, అంటే సుమారు మూడు వేళ్ళు పెరుగుతారు. ఈడు వచ్చేటప్పుడు కొన్నాళ్ళు నాలుగు వేళ్ళు. చిన్నాన్న చంద్రవంకలు కింద నుంచి మూడేసి వేళ్ళ ఎడంతో వస్తూ వస్తూ, ఎనిమిదో ఏట దగ్గర ఒక్క వేలు మాత్రమే పైకి జరిగాయి. అడిగితే “ఆ ఏడు వర్షాలన్నీ చలిజ్వరంతోనే పడుకున్నాను, మూడుసార్లు వచ్చింది” అన్నాడు. తర్వాతి ఏడాది ఎడం చూస్తే నాలుగున్నర వేళ్ళు. జబ్బు తగ్గి, తిండి దొరికితే ఒళ్ళు పోగొట్టుకున్నది రాబట్టుకుంటుంది. ఆగిన పెరుగుదల అందుకోవడం అంటే ఏమిటో పుస్తకంలో కాదు, చిన్నాన్న పక్కనే నిలబడి టార్చి వెలుతురులో చూశాం. ఆయన కూడా అప్పటి నుంచి చిత్రిక మాట ఎత్తడం తగ్గించాడు.

అత్త చేపలు అలా లేవు. వాటిలో పెద్ద దెబ్బ ఎక్కడా లేదు. ప్రతి ఏడూ రెండు వేళ్ళు, మహా అయితే రెండున్నర. ఒక ఏడు తగ్గి ఇంకో ఏడు అందుకోవడం లేదు, ఎప్పుడూ కొంచెం తక్కువే. ఐదేళ్ళ గీత నేల నుంచి 95 సెంటీమీటర్లు. అంగన్‌వాడీలో వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఐదేళ్ళ ఆడపిల్ల దాదాపు 100 సెంటీమీటర్ల లోపు ఉంటే పెరుగుదల గిడసబారినట్టు లెక్క. అంటే ఐదేళ్ళకే అత్త వెనకబడిపోయింది, తర్వాత ఎవరూ ముందుకి తేలేదు. పండక్కి వచ్చినప్పుడు చూపించాం. చాలాసేపు చూసి, “మగాళ్ళు తిన్నాక మిగిలిందే మాకు. అంబలి పల్చన చేసుకుని తాగేవాళ్ళం. అది కూడా మీ తాత గీసీసినాడేటి?” అని నవ్వింది. నానమ్మ నవ్వలేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. గీతలు ఎంత పెరిగిందో చెబుతాయి గానీ ఎందుకు పెరగలేదో చెప్పవు. దానికి మనిషినే అడగాలి.

మాలో ఆఖరిది, చిన్నాన్న కూతురు, ఐదేళ్ళకి నేల నుంచి 103 ఉంది. పదమూడేళ్ళకి ఈ పండక్కి 150 వచ్చి, తల పై కమ్మీకి తగిలింది. పద్నాలుగేళ్ళకి అత్త ఆఖరి గీత 141. ఏడాది చిన్నదై ఉండి కూడా అత్త కంటే 9 సెంటీమీటర్లు పైన ఉంది. ఇక్కడ కూడా నేల లెక్క తీసేసే చెబుతున్నాం, కర్ర మీద చూస్తే 19 అనిపిస్తుంది. మా ఇంట్లో ఆడపిల్ల తల పై కమ్మీకి తగలడం ఇదే మొదలు. నేల లేచింది కాబట్టి కమ్మీ పది సెంటీమీటర్లు దగ్గరికొచ్చింది, అది నిజమే. కానీ అత్త అయితే ఈ నేల మీద నిలబడినా తగిలేది కాదు.

అన్నీ నోటుబుక్కులో ఎక్కించాక ఒక లెక్క మిగిలిపోయింది. కుడి కర్ర మీద మాకు తెలిసిన మనుషులు నలుగురు: తాత తమ్ముడు, నాన్న, అత్త, చిన్నాన్న. గుర్తులు ఐదు ఉన్నాయి. ఐదోది కాకికాలు. అడుగున మూడు గీతలే ఉన్నాయి. పై గీత పాత నేల నుంచి 93, అంటే అత్త ఐదేళ్ళ గీతకి వేలు కింద. దాని పైన అడ్డుకట్టు లేదు. మైల ఏడాదికి పెట్టే చుక్క కూడా లేదు. ఉన్నట్టుండి ఆగిపోయింది. మసి అన్నిటికంటే దట్టంగా ఉన్నది దాని మీదే కాబట్టి పాతది అని తెలుస్తోంది. నాన్నని అడిగితే తెలీదన్నాడు. అత్తకీ తెలీదు.

నానమ్మకి తెలుసు. తాతకి అందరికంటే చిన్న చెల్లెలు ఉండేదట. నానమ్మ కోడలుగా వచ్చిన ఏడాది మూడో గీత గీశాడు. ఆ వర్షాలకి ఊళ్ళో పిల్లలకి తట్టు పోసింది. తట్టు తగ్గింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి, నాలుగు రోజుల్లో పోయింది. “కాళ్ళు కడిగి తెచ్చినా ఇంట్లోకి వస్తే కోడి తొక్కినట్టు అచ్చులు వేసీది. అందుకే ఆ గుర్తు ఎట్టాడు” అంది. పేరు కూడా చెప్పింది. అది ఇంట్లోనే ఉండనిస్తాం, ఇక్కడ రాయడం లేదు. తాత బతికుండగా ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదట. మా ఊరికి అప్పట్లో పుట్టిన వాళ్ళని రాసుకునేవాళ్ళు లేరు, పోయిన వాళ్ళని రాసుకునేవాళ్ళు లేరు. ఫొటో లేదు. ఆ పిల్ల ఈ భూమ్మీద నిలబడింది అనడానికి మిగిలింది మూడు పెన్సిలు గీతలు.

ఆ రాత్రి చిన్నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున్నే వడ్రంగికి తనే ఫోన్ చేసి, “గుమ్మం విప్పు, పెట్టు, ముట్టుకోవడం మాత్రం వద్దు. కొత్త ఇంటి ముందు గుమ్మానికి వేరే కర్ర చూడు” అన్నాడు. పాతిక వేలు ఎక్కువవుతుందని వడ్రంగి గుర్తు చేశాడు. “అవనీ, ఈసారి కాఫీ గింజ అమ్మినప్పుడు చూసుకుందాం” అన్నాడు. పాత గుమ్మం లోపల వంటగదికి పెట్టాలని నిర్ణయం అయింది.

విప్పే ముందు మేము చేసుకున్న పనులు మూడు. ఇలాంటి గుమ్మం ఉండి, ఇల్లు విప్పబోతున్నవాళ్ళు ఉంటే పనికొస్తుందని రాస్తున్నాం. ఒకటి, కర్ర పొడుగునా తెల్ల కాగితం అతికించి గీతలన్నీ ఉన్నచోటనే దాని మీదకి ఎక్కించాం. ఉత్త ఫొటో చాలదు, ఫోను కొంచెం పైకో కిందకో వంగితే ఒక చివర గీతలు దగ్గరగా, ఇంకో చివర గీతలు ఎడంగా పడతాయి. ఫొటో కూడా తీశాం గానీ పక్కన టేపు వేలాడదీసి, మూడు ముక్కలుగా తీశాం. రెండు, గడప పై అంచు నుంచి సరిగ్గా మీటరు ఎత్తున రెండు కర్రల మీదా వడ్రంగి చేత ఉలితో సన్నటి గాటు పెట్టించాం. ఎందుకంటే కుడి కర్ర అడుగున చెదలు తగిలింది. బిగించేటప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు కోసేస్తే గడప సున్నా పోతుంది. మీటరు గాటు ఉంటే దాని నుంచి కిందికి లెక్కపెట్టుకోవచ్చు. మూడు, కొత్త వంటగదిలో గడప పై అంచుకీ నేలకీ మధ్య 7 సెంటీమీటర్లు ఉండాలని తాపీమేస్త్రీకి చెప్పాం. ఇప్పటి సిమెంటు నేలకి ఉన్నది అంతే.

మేస్త్రీ విసుక్కున్నాడు. “టైల్సు వేస్తే ఇంత అంత అవుతుందమ్మా, గడప ఏడే ఉండాలని పట్టుబడితే ఎలాగ?” అన్నాడు. నానమ్మ గుమ్మంలోంచి వచ్చి, “టైల్సు తరవాత వెయ్యి, ముందు కొలత చూడు” అంది. ఆయన టేపు తీశాడు.

మాలో పెద్దోడికి ఇప్పుడు తొమ్మిది నెలల కొడుకు ఉన్నాడు. ఎడమ కర్ర మీద కింద చోటు ఉంది. వాడు ఇంకా గోడ పట్టుకుని లేస్తున్నాడు, వచ్చే ఇటుకల పండక్కి గీయం. ఆ పై పండక్కి కూడా కాళ్ళు వంచకుండా నిలబడితేనే. పలక నానమ్మ దగ్గరుంది. పెన్సిలు మాత్రం కొత్తది కొనాలి.